నగకు పైన ఖాళీ, కింద ఖాళీ: మెడను ఫొటోలో కొలవడం

దర్జీ చెప్పే 6.5 అంగుళాలు, నగల షాపులో చెప్పే 18 అంగుళాలు ఒకే రకం టేపుతో కొలిచినవే. కానీ రెండూ ఒకే చోట మొదలవవు. దర్జీ టేపును భుజం మీద, మెడ పక్కన కుట్టు దగ్గర ఆనించి కిందికి లాగుతాడు. బ్లౌజు ముందు మెడ లోతు అంటే అదీ. షాపువాళ్లు గొలుసును బల్ల మీద చాచి, ఈ కొక్కెం నుంచి ఆ కొక్కెం దాకా కొలుస్తారు. వెనక తాడు కట్టుకునే నెక్లెస్ అయితే ఆ తాడును అసలు లెక్కలోకే తీసుకోరు. మెడలో వేసుకున్నాక నగ అంచు ఎక్కడ ఆగుతుంది, బ్లౌజు అంచుకు ఎంత దూరంలో ఉంటుంది అనేది ఈ రెండు అంకెల్లో దేన్నుంచీ తెలియదు. అందుకే చాలామంది ఇళ్లలో బ్లౌజూ నగా మొదటిసారి కలుసుకునేది ఫంక్షన్ రోజు పొద్దున్నే. అప్పటికి బ్లౌజు విప్పి కుట్టే టైముండదు, నగ మార్చే వీలుండదు.

పెళ్లిళ్లకు చీరలు కట్టడం నా పని. చీర కట్టడానికి అరగంట పడితే, ఆ తర్వాత నగల దగ్గర గంట పోతుంది. దాన్ని తగ్గించుకోవడానికి కొన్నాళ్లుగా ఒక పద్ధతి పట్టుకున్నాను. ముందే ఒక ఫొటో తెప్పించుకుంటాను. అందులో ముఖం అవసరం లేదు. గడ్డం నుంచి ఛాతీ వరకు, రెండు భుజాలూ కనిపిస్తే చాలు. ఆ ఫొటోలో నాకు సున్నా గొంతు గుంట. గడ్డం కింద నుంచి వేలు కిందికి జార్చుకుంటూ వస్తే రెండు కాలర్‌బోన్లు కలిసే చోట మెత్తగా లోపలికి దిగే గుంట తగులుతుంది కదా, అదే. దానికి పైన ఎంత మెడ ఉంది, దాని నుంచి కిందికి బ్లౌజు అంచు ఎంత దూరంలో ఉంది అనేవి తెలిస్తే, నగ దిగాల్సిన చోటు దాదాపు తేలిపోతుంది.

మా పిన్ని కూతురి నిశ్చితార్థం సంగతి చెబితే ఇది సులువుగా అర్థమవుతుంది. ఇంట్లో మూడు నగలున్నాయి. అమ్మమ్మ పట్టెడ, మామిడి పిందెల నెక్లెస్, కాసులపేరు. మూడూ వేయాల్సిందేనని పిన్ని పట్టు. పిల్లేమో వాట్సాప్‌లో సెల్ఫీ పంపి, "అక్కా, నా మెడ పొట్టి కదా, పట్టెడ వేస్తే మెడే కనపడదేమో" అంది.

ఆ సెల్ఫీలో నిజంగానే మెడ కనపడటం లేదు. కానీ దానికి కారణం మెడ కాదు. సెల్ఫీ తీసేటప్పుడు ఫోన్‌ను కళ్లకంటే పైకి ఎత్తి పట్టుకుంటాం. పై నుంచి చూస్తే గడ్డం ముందుకొచ్చి మెడకు అడ్డం పడుతుంది. చేయి పైకెత్తడంతో ఒక భుజం కూడా లేస్తుంది. ఫోన్ దగ్గరగా ఉండటం వల్ల ముఖం పెద్దదిగా, దాని వెనకున్న మెడ, భుజాలు చిన్నవిగా పడతాయి. కింద నుంచి తీస్తే ఇంకో తంటా, లేని రెండో గడ్డం వచ్చి కూర్చుంటుంది. అలాంటి ఫొటో చూసి మెడ పొట్టిది, పొడుగుది అని తేల్చేస్తే బ్లౌజు, నగ రెండూ తప్పు దారి పడతాయి.

"మళ్లీ తీయించు, ఈసారి పిన్నితో" అన్నాను. ఫోన్ వెనక కెమెరా వాడాలి. ఆరేడు అడుగుల దూరం నుంచి, కావాలంటే రెండింతలు జూమ్ చేసుకుని తీయాలి. కెమెరా సరిగ్గా గొంతు గుంట ఎత్తులో ఉండాలి. అంటే తీసేవాళ్లు కాస్త వంగాలి, లేదా ఫోన్‌ను గుండెల దగ్గర పట్టుకోవాలి. జుట్టు పైకి ముడి వేసుకోవాలి. చూపు ఎదురుగా ఉండాలి, గడ్డం ఎత్తకూడదు, దించకూడదు. కెమెరా ముందు నిలబడగానే అందరికీ తెలియకుండానే భుజాలు బిగుస్తాయి, మెడ ఒక సెంటీమీటరు లోపలికి పోతుంది. గట్టిగా ఊపిరి వదిలి, వదిలిన వెంటనే తీస్తే భుజాలు వాటి చోటికి దిగి ఉంటాయి. వెలుతురు ఒక పక్క కిటికీలోంచి రావాలి. ఎదురుగా ఫ్లాష్ కొడితే కాలర్‌బోన్లు మాయమై మెడంతా పలకలా కనిపిస్తుంది. ఆ రోజు వేసుకోబోయే బ్లౌజే వేసుకోవాలి, హుక్కులన్నీ పెట్టి, భుజాలు సర్ది. ఇవన్నీ ఎదురు ఫొటోకి. పక్క నుంచి ఇంకొకటి కూడా అడిగాను. దాని పని తర్వాత చెబుతాను.

కొలతకు ఒక ఆధారం కావాలి. దానికి ఏటీఎం కార్డు చాలు. ఏ బ్యాంకుదైనా దాని వెడల్పు 8.56 సెంటీమీటర్లే. కార్డును గొంతు గుంటకు కాస్త కింద, ఒంటికి ఆనించి అడ్డంగా టేపుతో అంటించాలి. చేత్తో పట్టుకుని ముందుకు చాపితే కెమెరాకు దగ్గరై పెద్దదిగా పడుతుంది, లెక్క తప్పుతుంది. నంబర్లు ఉన్న వైపు ఒంటివైపు తిప్పమని, వెనక ఉన్న మూడంకెల మీద ఇంకో టేపు ముక్క వేయమని ప్రత్యేకంగా చెప్పాల్సి వచ్చింది. లేకపోతే ఆ ఫొటో ఫ్యామిలీ గ్రూపులో ఎంతమందికి పోతుందో తెలీదు.

ఫొటో వచ్చాక ఏ యాప్ అక్కర్లేదు. ఫోన్ స్క్రీన్ మీద మామూలు స్కేలు పెట్టి, కార్డు వెడల్పు సరిగ్గా 4.28 సెంటీమీటర్లు కనిపించేదాకా ఫొటోను జూమ్ చేస్తే అది అసలుకు సగం సైజు అవుతుంది. ఆ జూమ్ కదలకుండా ఏది కొలిచినా రెండింతలు చేస్తే అసలు కొలత. పిల్ల ఫొటోలో గడ్డం కింది అంచు నుంచి గొంతు గుంట దాకా స్కేలు మీద 3 సెంటీమీటర్లు, అంటే అసలు 6. గొంతు గుంట నుంచి బ్లౌజు అంచు దాకా 4.5, అంటే 9. మెడ వెడల్పు 5.8, అంటే 11.6. దర్జీ చెప్పిన 6.5 అంగుళాలతో సరిచూసుకున్నాను. భుజం కుట్టు నుంచి గొంతు గుంట దాకా మామూలుగా 3 అంగుళాలు పోతాయి. మిగిలింది మూడున్నర, అంటే ఇంచుమించు 9 సెంటీమీటర్లు. రెండూ కలిశాయి కాబట్టి ఫొటో సరిగానే వచ్చింది. తేడా ఒక సెంటీమీటరు దాటి వస్తే కెమెరా ఎత్తు తప్పిందని అనుకుని మళ్లీ తీయిస్తాను.

ఇప్పుడు ఈ 9 సెంటీమీటర్ల సంగతి చూద్దాం. నగ కింది అంచుకు, బ్లౌజు పై అంచుకు మధ్య కనిపించే ఖాళీ చర్మాన్ని నేను కింది ఖాళీ అంటాను. నగ బాగుందా లేదా అన్నదాన్ని అన్నిటికంటే ఎక్కువగా తేల్చేది ఇదే. ఆ ఖాళీ రెండు వేళ్లు పట్టేంత, అంటే 3 సెంటీమీటర్లకు అటూ ఇటూగా ఉంటే నగ నగలా, బ్లౌజు బ్లౌజులా విడివిడిగా కనిపిస్తాయి. అలా కుదరకపోతే అంచు దాటి, కనీసం నాలుగు వేళ్లు గుడ్డ మీదికి దిగిపోవాలి. ఈ రెంటికీ మధ్య, అంచుకు ఒక సెంటీమీటరు పైనో కిందో ఆగిన నగే ఇబ్బంది పెడుతుంది. చూసేవాళ్ల కంటికి అది తప్పుగా కొలిచినట్టు కనిపిస్తుంది. వేసుకున్నవాళ్లకు వేరే బాధ. కుర్తీ మీద 18 అంగుళాల గొలుసు వేసుకుని ఆఫీసుకెళ్లేవాళ్లకు ఇది రోజూ అనుభవమే. లాకెట్ ఓసారి మెడ లోపలికి పోతుంది, వంగి లేస్తే బయటికి వస్తుంది, మీటింగులో కూర్చుని దాన్ని పైకి లాక్కుంటూనే ఉంటారు. గొలుసును ఒక్క అంగుళం మార్చినా ఆ లాగుడు ఆగుతుంది.

ఖాళీని మధ్యలో మాత్రమే చూస్తే సరిపోదు. మెడను గడియారం అనుకుంటే 4, 8 అంకెలుండే చోట కూడా చూడాలి. పాట్ నెక్ బ్లౌజు పైన ఇరుకుగా ఉండి కింద కుండలా వెడల్పవుతుంది. దానిలో మధ్యన మూడు వేళ్ల ఖాళీ ఉన్నా, వెడల్పాటి నెక్లెస్ పక్కలు బ్లౌజు మీదికి ఎక్కి కూర్చుంటాయి. దానికి సన్నటి గొలుసు, మధ్యలో బరువైన పతకం బాగా కుదురుతాయి. వీ నెక్‌కి కొనదేలిన పతకం ఉన్న గొలుసు వేస్తే రెండు గీతలూ పక్కపక్కనే సమానంగా దిగుతాయి. దానిలో గుండ్రటి ముత్యాల దండ వేసినా తప్పేం లేదు, వీ కొన దగ్గర ఒక ముక్క ఖాళీ మిగులుతుంది, అంతే. రౌండ్ మెడకు గుండ్రటిదే వేయాలన్న నియమాన్ని నేను పెద్దగా పట్టించుకోను. ఖాళీ సరిపోతే ఆకారం చాలావరకు అదే సర్దుకుంటుంది.

బోట్ నెక్ వేరే కథ. దాని అంచు దాదాపు గొంతు గుంట దగ్గరే ఉంటుంది, కింది ఖాళీ అసలే ఉండదు. కాబట్టి నగ గుడ్డ మీదే పడుకోవాలి. గుడ్డ సాదాగా ఉంటే పొట్టి నెక్లెస్ కూడా పడుకుంటుంది. కానీ మన దగ్గర బోట్ నెక్ కుట్టించుకునేదే మెడ చుట్టూ మగ్గం వర్క్ చేయించుకోవడానికి. రెండంగుళాల వెడల్పున జర్దోసీ, పూసలు, కుందన్లు కుట్టాక అది గుడ్డ కాదు, కుట్టిన నెక్లెస్ అనుకోవాలి. దాని మీద ఇంకో నెక్లెస్ వేస్తే రెండూ కనపడవు, పైగా నగ కొక్కేలు, ముత్యాల తీగలు ఆ పూసల్లో చిక్కుకుంటాయి. ఒక రిసెప్షన్‌లో గుత్తపూసల నెక్లెస్ మగ్గం దారాల్లో ఇరుక్కుంటే, విడదీయడానికి నేను కత్తెర తీయాల్సి వచ్చింది. తెగింది బ్లౌజు దారమే కాబట్టి బతికిపోయాను. మగ్గం వర్క్ ఉన్న బోట్ నెక్‌కి వర్క్ దాటి కిందికి దిగే పొడుగు హారం ఒక్కటే వేయమంటాను. హై నెక్, కాలర్ నెక్‌లకూ ఇదే మాట.

ఇక పైన ఖాళీ. అంటే గడ్డం నుంచి నగ పై అంచు దాకా కనిపించే మెడ. మెడ ఆకారం అంటూ అందరూ అడిగే విషయమంతా ఇక్కడికే వస్తుంది. పొట్టి మెడ, పొడుగు మెడ అనడానికి ఎవరూ పెట్టిన హద్దు లేదు. నేను వాడుకునేది చిన్న గుర్తు మాత్రమే. కనిపించే మెడ పొడవు మెడ వెడల్పులో సగానికి అటూ ఇటూ ఉంటే అది పొట్టిగా కనిపిస్తుంది. వెడల్పులో ముప్పావు దాటితే పొడుగ్గా అనిపిస్తుంది. పిల్లకి 11.6లో 6, అంటే సగానికి కాస్త పైన. సెల్ఫీలో కనిపించినంత పొట్టి కాదు గానీ, పొట్టి వైపే.

పొట్టి మెడకు చోకర్లు పనికిరావు అని ఎక్కడ చదివినా ఉంటుంది. నాకు అది సగం నిజమే అనిపిస్తుంది. మెడ మధ్యలో అడ్డంగా ఒక పట్టీ కడితే ఉన్న మెడ రెండు ముక్కలుగా కనిపిస్తుంది, ఆ ముక్కలు ఇంకా పొట్టిగా అనిపిస్తాయి. అదే పట్టీని మెడ మొదట్లో, కాలర్‌బోన్ల మీద కూర్చోబెడితే పైన మెడంతా ఒకే ముక్కగా మిగులుతుంది. కాబట్టి చూడాల్సింది పట్టెడ ఎత్తెంత, అది ఎక్కడ కూర్చుంటుంది అని. నగ పైన కనీసం 3 సెంటీమీటర్ల మెడ కనిపిస్తే ఊపిరాడుతున్నట్టు ఉంటుంది. అంతకు తగ్గితే గొంతు పట్టుకున్నట్టు ఉంటుంది, తల వంచితే గడ్డం నగకు తగులుతుంది. పెళ్లికూతురు ఫొటోల్లో సగం తల వంచినవే కదా.

మిగతా మెడల గురించి ఎక్కువ చెప్పేది లేదు. పొడుగు, సన్నటి మెడకు మెడ మధ్యలో చోకర్ కట్టినా అందమే. సన్నటి ఒంటి పేట గొలుసు కాలర్‌బోన్ల మీద ఉన్న గుంతల్లో పడి వంకరగా కనిపిస్తుంది, వాళ్లకు కాస్త మందంగా ఉన్నదో, రెండు పేటలదో నయం. లావు మెడకు బిగుతుగా కట్టిన నగ కిందా పైనా చర్మం ఉబ్బుతుంది. ఒక వేలు నగ కిందికి సులువుగా దూరాలి, దూరకపోతే వెనక తాడు వదలాలి. మెడ మీద అడ్డగీతలుంటే చోకర్ పై అంచు సరిగ్గా గీత మీద పడకుండా అర సెంటీమీటరు జరిపితే చాలు. భుజాలు బాగా జారుగా ఉన్నవాళ్లకు వెడల్పాటి నెక్లెస్ పక్కలు భుజాల వైపు జారి, మధ్యలో పైకి లేస్తుంది. అది ఫొటోలో కన్నా వేసి చూస్తేనే తెలుస్తుంది.

పక్క ఫొటో అడిగింది ఇందుకే. మెడ మొదలు చదునైన గాజులా ఉండదు. వెనక ఎముక ఎత్తులో, ముందు గుంట దిగువన ఉండి, ఏటవాలుగా పెట్టిన గాజులా ఉంటుంది. ఫోన్ చూసీ చూసీ తల ముందుకొచ్చినవాళ్లకు పక్క ఫొటోలో చెవి భుజానికంటే బాగా ముందుంటుంది. వాళ్లకు గడ్డం ముందుకొచ్చి మెడ పొడవు తగ్గినట్టు కనిపిస్తుంది. బరువైన హారం వేస్తే వెనక తాడు మెడ మీద పైకి పాకుతుంది. అలా పాకిన కొద్దీ హారం ముందువైపు కిందికి దిగుతుంది. అద్దంలో సరిపోయిన హారం గంట తర్వాత ఫొటోల్లో కిందికి జారి ఉండటానికి చాలాసార్లు ఇదే కారణం. పిల్లకి ఆ తేడా పెద్దగా లేదు.

ఇప్పుడు నగలు. నగ చేతిలో లేకుండానే దాని అంచు ఎక్కడికి వస్తుందో చూడ్డానికి ఊలు దారం చాలు. వెనక తాడుతో కలిపి నగ పొడవంత దారం కత్తిరించి, రెండు కొసలూ ముడివేసి, నగకు పతకం ఉంటే ఆ బరువున్న తాళంచెవి ఒకటి మధ్యలో తగిలించి, వేసుకుని అదే చోట ఫొటో తీయాలి. తాళంచెవి లేకపోతే దారం బరువు లేక గుండ్రంగా నిలుస్తుంది. బరువు పడితే వీ ఆకారంలోకి లాగి, అదే పొడవుకు ఇంకాస్త కిందికి దిగుతుంది. ఇక్కడ చాలామంది పొరబడే లెక్క ఒకటుంది. గొలుసు ఒక అంగుళం పెంచితే అది అంగుళం కిందికి దిగదు. ఆ అంగుళం రెండు వైపులా పంచుకుపోతుంది. మెడ దగ్గరుండే పొట్టి నగ అయితే ఒకటిన్నర సెంటీమీటర్లు దిగుతుంది. పొడుగు హారం అయితే ఒకటింపావు. ఛాతీ మీది నుంచి వెళ్లే హారానికి ఆ ఎత్తు ఎక్కి దిగడానికే కొంత పొడవు ఖర్చవుతుంది, ఎదురు ఫొటోలో అది ఇంకా పొట్టిగా కనిపిస్తుంది. హైదరాబాద్ పత్తర్‌గట్టిలో ముత్యాలు కొనేవాళ్లకు ఈ లెక్క బాగా పనికొస్తుంది, అక్కడ దండ మీ కళ్ల ముందే గుచ్చి ఇస్తారు. 18 అంగుళాలు అని ఊరికే అనకుండా, దారంతో చూసుకున్న పొడవు చెప్పి గుచ్చించుకోవచ్చు.

పిల్ల దారంతో 17 అంగుళాలు వేసి చూస్తే కొస గొంతు గుంటకు 5 సెంటీమీటర్లు కింద ఆగింది. తాడుతో కలిపి మామిడి పిందెల నెక్లెస్ పొడవు అంతే. కానీ దారానికి ఎత్తుండదు, నెక్లెస్‌కుంటుంది. పిందె, దాని కింద వేలాడే ముత్యం కలిపి ఇంకో 3 సెంటీమీటర్లు. అంటే అంచు 8 దగ్గరికి వస్తుంది. బ్లౌజు అంచు 9 దగ్గర ఉంది. మిగిలేది ఒక్క సెంటీమీటరు. నేను పైన చెప్పిన ఇబ్బందికరమైన చోటే అది. వెనక తాడును అంగుళంన్నర బిగిస్తే నెక్లెస్ రెండు సెంటీమీటర్ల పైచిలుకు లేచి ఖాళీ మూడుకు చేరుతుంది. అంటే నెక్లెస్ ఒక్కటే వేసుకుంటే బ్రహ్మాండంగా ఉంటుంది. కానీ పైన పట్టెడ కూడా ఉండాలంటున్నారు.

పట్టెడ ఎత్తు మూడున్నర, కింద ముత్యాలు ఒకటి, మొత్తం 4.5 సెంటీమీటర్లు. ఉన్న మెడ 6. అమ్మమ్మ కట్టుకున్నట్టు మెడకు బిగించి కడితే గడ్డం కింద ఒకటిన్నర మిగులుతుంది. పిల్ల భయం అక్కడ నిజమే. కిందికి దించి, పై అంచు గొంతు గుంటకు 2 పైన, ముత్యాలు 2.5 కింద ఉండేలా కూర్చోబెడితే పైన 4 సెంటీమీటర్ల మెడ కనిపిస్తుంది, కింద బ్లౌజు దాకా 6.5 ఖాళీ ఉంటుంది. లెక్కలో బాగానే ఉంది. అది ఒంటి మీద నిలుస్తుందా అన్నదే అనుమానం. మెడ మొదలు పైన సన్నగా, కింద వెడల్పుగా గరాటును బోర్లించినట్టు ఉంటుంది. నిటారు పట్టీ అక్కడ ఆనదు. పై అంచు ఒంటికి దూరంగా లేచి నిలబడుతుంది.

దాన్ని కాగితంతో చూడొచ్చు. 4.5 సెంటీమీటర్ల వెడల్పున న్యూస్‌పేపర్ పట్టీ కత్తిరించి మెడ మొదట్లో చుట్టమన్నాను. పై అంచు ముందుకు వాలి, వెనక చీకటి సందు కనిపించింది. తర్వాత అదే పట్టీకి కింది నుంచి ప్రతి రెండు సెంటీమీటర్లకూ ఒక గాటు, పై అంచు దాకా రాకుండా పెట్టమన్నాను. కింది ముక్కలు విచ్చుకుని, పట్టీ ఒంటికి ఆనింది. పట్టెడ కూడా అలా విచ్చుకుంటేనే కింద కూర్చుంటుంది. అచ్చుగా ఒకే రేకుతో చేసిన పట్టెడ అయితే విచ్చుకోదు, దాన్ని మెడ మధ్యలోనే కట్టాలి, పొట్టి మెడకు వదిలేయడమే మంచిది. అమ్మమ్మది పాతకాలపు పని. తొమ్మిది బిళ్లలు, ఒక్కో బిళ్లనూ పక్కదానితో పై వైపున ఒకే కొక్కెంతో కలిపారు, కింది వైపు వదులు. పిన్ని దాన్ని బల్ల మీద పెట్టి వంపు తిప్పి వీడియో పంపింది. బిళ్లల కింది అంచులు విసనకర్రలా విచ్చుకున్నాయి. పని అయిపోయింది అనుకున్నాను. కానీ కింద కూర్చోవాలంటే చుట్టుకొలత పెరగాలి, తాడు చాలలేదు. పాత తాడు తీసి, రెండంగుళాలు పొడుగున్న కొత్త పట్టు తాడు వేయించారు.

పట్టెడ అలా దిగాక మామిడి పిందెల నెక్లెస్‌కు చోటు లేదు. ముత్యాల కొసలు 2.5 దగ్గర ఆగితే, తాడు బిగించిన నెక్లెస్ పై అంచు 3 దగ్గర మొదలవుతుంది. రెంటి మధ్య అర సెంటీమీటరు. నగల వరుసల మధ్య కూడా ఒక వేలు ఖాళీ లేకపోతే రెండు నగలు ఒక పెద్ద ముద్దలా కనిపిస్తాయి. పోనీ నెక్లెస్ కిందికి దించుదామంటే బ్లౌజు అంచు మీద పడుతుంది. "మూడోది లేకపోతే పెళ్లివారేమనుకుంటారే" అని పిన్ని ఒకటికి రెండుసార్లు అంది. "పెళ్లిలో బ్లౌజు మెడ ఒకటిన్నర అంగుళం లోతు పెంచి కుట్టిద్దాం పిన్నీ, అప్పుడు మూడూ వేద్దాం" అన్నాను. 9 కాస్తా 13 అయితే లెక్క కుదురుతుంది, కాస్త దించిన నెక్లెస్ 9.5 దగ్గర ఆగి, దాని కింద మూడున్నర మిగులుతుంది.

కాసులపేరుతో పేచీ లేదు. 26 అంగుళాల దారం వేస్తే కొస 17 దగ్గరికి వచ్చింది. బ్లౌజు అంచు దాటి 8 సెంటీమీటర్లు గుడ్డ మీదికి దిగుతుంది, నాలుగు వేళ్ల కంటే ఎక్కువే.

నిశ్చితార్థం రోజు పట్టెడ చక్కగా కూర్చుంది. తప్పు నేను సందేహించని చోటే వచ్చింది. ఫొటో తీయించింది ఒట్టి బ్లౌజుతో. చీర కట్టాక పైట ఎడమ భుజం మీది నుంచి ఏటవాలుగా వచ్చి బ్లౌజు మెడలో ఎడమ సగాన్ని కప్పేసింది. 6.5 సెంటీమీటర్ల కింది ఖాళీ కుడివైపు అలాగే ఉంది, ఎడమవైపు పైట అంచు పట్టెడ ముత్యాలకు ఒక వేలు దూరానికి వచ్చేసింది. కాసులపేరు ఎడమ సగం పైట కిందికి పోయి, కుడి సగం మాత్రం కనిపిస్తోంది. పైట పిన్ను తీసి భుజం అంచు వైపు రెండు వేళ్లు జరిపాను, కుచ్చిళ్లు సన్నగా పెట్టాను, కాసులపేరును పైట మీదికి తీసి, జరీకి తగులుకోకుండా వెనక చిన్న పిన్ను పెట్టాను. అప్పుడు కాసుల మధ్య బిళ్ల బ్లౌజు మధ్య కుట్టుకు కాస్త కుడివైపు వేలాడుతున్నట్టు అనిపించింది. హారాన్ని లాగి మధ్యకు తెచ్చినా రెండు నిమిషాల్లో మళ్లీ అక్కడికే పోయింది. ఫోన్ తీసి ఆ మొదటి ఫొటో మళ్లీ చూశాను. పిల్ల ఎడమ భుజం కుడిదానికంటే ఒక సెంటీమీటరు ఎత్తు. చాలామందికి ఉండేదే. బ్లౌజు భుజాలతో పాటు వాలింది, హారమేమో తిన్నగా కిందికి వేలాడింది. అది ఫొటోలో మొదటి రోజే ఉంది, నేనే స్కేలు పట్టుకుని గొంతు గుంట దగ్గరే ఉండిపోయాను. ఎడమవైపు బ్లౌజు భుజాన్ని చిన్న పిన్నుతో అర సెంటీమీటరు కిందికి సర్దితే బిళ్ల మధ్యకు వచ్చినట్టే కనిపించింది. పెళ్లి బ్లౌజు కొలతలు ఇచ్చేటప్పుడు దర్జీతో రెండు భుజాలూ విడివిడిగా కొలవమని చెప్పాం.